పోస్ట్‌మార్టం టికెట్లు: ఎక్కడ పెట్టాలి, ఎవరికివ్వాలి, నిజంగా అయ్యిందని ఎలా తేల్చాలి

సర్వర్ పడిపోద్ది, ఎలాగోలా లేపుతాం, మర్నాడు అందరం కూర్చుని ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని పోస్ట్‌మార్టం రాస్తాం, కింద ఓ ఏడెనిమిది యాక్షన్ ఐటెమ్స్ కూడా రాసేస్తాం. ఇంతవరకు అందరూ బానే చేస్తారు. రెండు నెలలయ్యాక అదే కారణంతో మళ్ళీ పడిపోయినప్పుడు ఆ పాత లిస్టు తీసి చూడండి, అందులో సగం "డన్" అనే ఉంటాయి. అసలు ముట్టుకోని ఐటెమ్ కంటే, డన్ అని రాసుండి పని కాని ఐటెమే ఎక్కువ ప్రమాదం అని నా లెక్క, ఎందుకంటే ముట్టుకోనిది కనీసం లిస్టులో ఓపెన్‌గా కనబడుతుంది, రెండోదాన్ని ఇంకెవరూ తిరిగి చూడరు.

మాది ఒడిశాలో రాయగడ. ఐదుగురం ఉన్న చిన్న టీమ్, ఒకతను గుణుపూర్ నుంచి, ఒకావిడ పర్లాకిమిడి నుంచి పనిచేస్తారు. జీడిపప్పు, చింతపండు, పసుపు హోల్‌సేల్ షాపులకి బిల్లింగ్ యాప్ నడుపుతాం, షాపులు ఇటు రాయగడలోనూ ఉన్నాయి, అటు బోర్డర్ దాటి పార్వతీపురం, బొబ్బిలిలోనూ ఉన్నాయి. పెద్ద కంపెనీల్లో సర్వర్లు పడకుండా చూసుకోడానికే వేరే ఎస్ఆర్ఈ టీము ఉంటుంది, ప్రోగ్రామ్ మేనేజర్ ఉంటాడు, వాళ్ళకోసం రాసిన సలహాలు మనలాంటి వాళ్ళకి సగమే అతుకుతాయి, కాబట్టి చిన్న టీమ్ వైపు నుంచే ఏది ఎంచుకోవాలో చెప్తాను. ఉదాహరణకి ఒక్క ఇన్సిడెంటే తీసుకుంటాను, మా సర్టిఫికెట్ గొడవ.

జరిగింది ఏటంటే, సంత రోజు పొద్దున్న షాపుల్లో ఫోన్లన్నీ "కనెక్షన్ సేఫ్ కాదు" అని బిల్లు కొట్టడం మానేశాయి. మా ఏపీఐ డొమైన్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్, దాని ఆయుష్షు 90 రోజులు, సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ దానంతటదే రెన్యూ చేస్తుంది. సర్వర్‌లోకి వెళ్ళి `certbot certificates` కొడితే ఇంకా 60 రోజులు ఉంది అని చూపిస్తోంది. "అన్నా, డిస్క్ మీద కొత్తదే ఉందన్నా" అని గుణుపూర్ అబ్బాయి, "మరి ఫోన్లకి పాతదెందుకు వెళ్తోందిరా" అని నేను, ఇలా కాసేపు కొట్టుకున్నాం. సంగతేంటంటే సర్ట్‌బాట్ నెల క్రితమే కొత్తది తెచ్చి డిస్క్ మీద పెట్టేసింది, కానీ మా వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్జిన్ఎక్స్ మొదలైనప్పుడు చదువుకున్న పాత సర్టిఫికెట్‌నే మెమరీలో పెట్టుకుని అదే అందరికీ ఇస్తూ కూర్చుంది. దాన్ని రీలోడ్ చేయమని ఎవరూ చెప్పలేదు. రీలోడ్ కొట్టగానే నిమిషంలో అన్నీ లేచాయి. సర్ట్‌బాట్‌ని ఎన్జిన్ఎక్స్ ప్లగిన్‌తో వాడితే రీలోడ్ అదే చూసుకుంటుంది, మాది వెబ్‌రూట్ పద్ధతి, అందులో రెన్యూ అవ్వగానే నడిచే చిన్న స్క్రిప్టు, అంటే హుక్, మనమే పెట్టుకోవాలి.

పోస్ట్‌మార్టంలో వచ్చిన పనులు ఇవి: రీలోడ్ హుక్ పెట్టడం, గడువు దగ్గరపడితే అలర్ట్ వచ్చేలా బయటనుంచి చెక్ పెట్టడం, ఉన్న పాత అలర్ట్ ఉద్యోగం మానేసిన ఒకాయన మెయిల్‌కి వెళ్తోంది కాబట్టి దాన్ని మార్చడం, ఇలా జరిగితే ఏం చెయ్యాలో ఓ పేజీ రన్‌బుక్ రాయడం, ఇంకా చివర్లో ఎవరో "మానిటరింగ్ మెరుగుపరచాలి" అన్నారు, అది కూడా రాసేశారు.

ఎక్కడ పెట్టాలి

మూడు దారులున్నాయి. పోస్ట్‌మార్టం డాక్యుమెంట్‌లోనే కింద టేబుల్‌గానో, గూగుల్ షీట్‌లోనో ఉంచడం ఒకటి. పనుల లెక్క రాసుకోడానికి రోజూ వాడే జిరా బ్యాక్‌లాగ్‌లోనే మామూలు పనులతో కలిపి టికెట్లుగా వెయ్యడం రెండు. ఇన్సిడెంట్ పనులకి మాత్రమే విడిగా బోర్డు పెట్టి దానికి విడిగా వారం వారం మీటింగ్ పెట్టడం మూడు.

షీట్ అందరికీ నచ్చుతుంది, లాగిన్ గోల లేదు, వాట్సాప్ గ్రూపులో లింకు పడేస్తే చాలు. కానీ షీట్ తనంతట తాను ఎవరినీ అడగదు. మీ షీట్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే దాని వెర్షన్ హిస్టరీ తెరవండి, చివరి మార్పు మీటింగ్ మర్నాటిదే అయితే ఆ షీట్ చచ్చిపోయినట్టే. ఏడాదికి రెండు మూడు ఇన్సిడెంట్లు, ఒక్క మనిషే అన్నీ చూసుకునే చోట షీట్‌కి నాకేం అభ్యంతరం లేదు, ఆ మనిషికి అది రోజూ కళ్ళ ముందు ఉంటుంది కాబట్టి. అంతకి మించితే వద్దు.

విడి బోర్డు వినడానికి బావుంటుంది, పెద్ద టీముల్లో నిజంగానే పనిచేస్తుంది కూడా, ఎందుకంటే అక్కడ దాన్ని తెరవడమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఒకరుంటారు. ఐదుగురికి రెండు బోర్డులంటే మాత్రం రెండోది ఎవరూ తెరవరు, పైగా ఓ పక్క ఫీచర్ పని, ఓ పక్క ఇది, ఏది ముందో తేల్చే చోటే లేకుండా పోతుంది.

అందుకని పదిమంది లోపు టీమ్ అయితే నా ఓటు మామూలు బ్యాక్‌లాగ్‌కే, కానీ ఓ షరతు మీద. బ్యాక్‌లాగ్‌లో పడేసిన ఇన్సిడెంట్ టికెట్ ఒక స్ప్రింట్ నుంచి ఇంకో స్ప్రింట్‌కి జరుగుతూ జరుగుతూ అడుక్కి పోతుంది, కస్టమర్ అడిగే ఫీచరేమో ఎప్పుడూ పైనే ఉంటుంది. కాబట్టి ప్రతి టికెట్‌కి `postmortem` అనే లేబుల్, డ్యూ డేట్ రెండూ లేకుండా వెయ్యకూడదు, సోమవారం స్ప్రింట్ మాట్లాడుకునేటప్పుడు మొట్టమొదట ఈ ఫిల్టర్ తెరవాలి:

```
labels = postmortem AND statusCategory != Done AND duedate < startOfDay() ORDER BY duedate
```

డేటు దాటిపోయినవి మాత్రమే వస్తాయి, సాధారణంగా రెండో మూడో ఉంటాయి, ఐదు నిమిషాల పని. డ్యూ డేట్ పెట్టని టికెట్ ఈ ఫిల్టర్‌లో ఎప్పటికీ కనబడదు అని గుర్తుపెట్టుకోండి, అందుకే నెలకోసారి `labels = postmortem AND statusCategory != Done AND duedate IS EMPTY` అని కూడా వెతకాలి, దాక్కున్నవన్నీ అక్కడ దొరుకుతాయి.

ఎవరికివ్వాలి, ఎంత తొందర

టీమ్ పేరు మీద వేద్దామా, మనిషి పేరు మీద వేద్దామా అనేదాంట్లో ఆలోచించడానికి పెద్దగా ఏం లేదు, మనిషి పేరే. పదిమందిలో పాము చావదు అన్నట్టు, "బ్యాకెండ్ టీమ్" అని రాసిన టికెట్ ఎవరిదీ కాదు. కాస్త ఆలోచించాల్సింది బయటివాళ్ళ చేతిలో ఉన్న పనుల గురించి, అంటే హోస్టింగ్ కంపెనీ వాళ్ళు మార్చాల్సిందేదో ఉందనుకోండి, అప్పుడు కూడా ఓనర్ మనవాడే అయ్యుండాలి, అతని పని చెయ్యడం కాదు, చేయించడం, అంతే. ఇంకోటి, మీటింగ్‌కి రానివాళ్ళ పేరు మీద టికెట్ వేసేటప్పుడు ఫోన్ చేసి అడిగి వెయ్యండి, మా దగ్గర ఒకసారి పర్లాకిమిడి మేడమ్ కరెంటు పోయి కాల్‌లో లేని అరగంటలో ఆవిడ మీద మూడు టికెట్లు పడ్డాయి, ఆవిడకి తెలిసింది జిరా మెయిల్ చూశాక.

ప్రయారిటీ దగ్గర మాత్రం రెండు పద్ధతులు నిజంగానే పోటీ పడతాయి. ఒకటి, ఇన్సిడెంట్ ఎంత పెద్దదైతే దాని పనులన్నీ అంత ప్రయారిటీ, అంటే షాపులన్నీ ఆగిపోయాయి కాబట్టి అయిదూ పీ1, అంటే అన్నిటికంటే ముందు. ఇది సులువు, పైకి న్యాయంగా కూడా ఉంటుంది, కానీ అయిదూ పీ1 అయితే ముందు ఏది చెయ్యాలో చెప్పట్లేదు కదా, అలాగ వదిలేస్తే అందరూ తేలికైనదే ముందు చేస్తారు, రన్‌బుక్ రాసేసి హుక్ పక్కన పెడతారు. రెండో పద్ధతి, ఇదే కారణం మళ్ళీ కొట్టగల తేదీ ఎప్పుడు, ఈ ఒక్క పని అయిపోతే ఆ దెబ్బ ఆగుతుందా, లేకపోతే ముందుగా తెలుస్తుందా అంతేనా అని ఒక్కో టికెట్‌కీ అడగడం.

మా కేసులో లెక్క వేసి చూపిస్తా. సర్ట్‌బాట్ ఆయుష్షులో మూడో వంతు మిగిలాక రెన్యూ చేస్తుంది, 90 రోజుల దానికి అది 30 రోజులు మిగిలినప్పుడు. ఇన్సిడెంట్ రోజున రీలోడ్ కొట్టాక నడుస్తున్న కొత్త సర్టిఫికెట్‌కి ఇంకా 60 రోజులుంది. అంటే వచ్చే రెన్యూవల్ ఇన్సిడెంట్ నుంచి 30వ రోజున, హుక్ లేకపోతే వచ్చే చావు 60వ రోజున. కాబట్టి హుక్ టికెట్ డ్యూ డేట్ 30వ రోజు లోపు, దాన్ని ఎవరూ జరపడానికి వీల్లేదు. అలర్ట్ టికెట్‌కి కొంచెం వెసులుబాటు ఉంది, హుక్ ఫెయిలైతేనే దాని అవసరం, అది 30వ రోజు తర్వాత వస్తుంది కాబట్టి 40వ రోజు వరకు ఆగొచ్చు. రన్‌బుక్ లేకపోయినా షాపులు ఆగవు, లేచే టైమ్ పెరుగుతుంది అంతే, అది ఆఖరు. పీ1 పీ2 అని వాదించుకునే పని లేకుండా మూడింటికీ తేదీలు దిగిపోయాయి.

అన్ని ఇన్సిడెంట్లకీ ఇలాగ క్యాలెండర్ తేదీ దొరకదు, ఒప్పుకుంటా. డిస్క్ నిండిపోయిన కేసైతే రోజుకి ఎన్ని జీబీలు పెరుగుతోందో చూసి తేదీ కట్టొచ్చు, ఎవరో తప్పు కమాండ్ కొట్టిన కేసుకి అలాంటిదేం ఉండదు, అప్పుడు మొదటి పద్ధతే గతి.

ఇక "మానిటరింగ్ మెరుగుపరచాలి" అనేదానికి తేదీ పెట్టబోతేనే దాని బండారం బయటపడింది, ఏది అయితే ఇది అయినట్టు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇలాంటివాటిని ఓపెన్‌గా ఉంచుకోవాలా, మూసెయ్యాలా అంటే మూసెయ్యమనే చెప్తాను, కానీ "చెయ్యం" అని కారణంతో, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో పేరుతో మూసెయ్యండి, డన్ అని కాదు. చెయ్యలేని ఖరీదైన పనులకీ ఇదే దారి, రెండో సర్వర్ కొనలేం అనుకుంటే కొనలేం అని కంపెనీ ఓనర్ గారి పేరుతో రాసి పెట్టుకోవచ్చు, తప్పేం లేదు.

అయ్యిందని ఎలా తేల్చాలి

అసలు సంగతి ఇక్కడుంది. వెరిఫికేషన్ అనే పేరుతో జనం చేసేవి మూడు రకాలు: కోడ్ మెర్జ్ అయితే టికెట్ మూసెయ్యడం, చేసినవాడు కాకుండా ఇంకొకరు బయటనుంచి చూసి మూసెయ్యడం, ఆ ఫెయిల్యూర్‌ని మనమే కావాలని తెప్పించి పట్టుకుంటోందా లేదా చూసి మూసెయ్యడం.

మా హుక్ టికెట్ మొదట మొదటి రకంలోనే మూతపడింది. హుక్ ఫైలు ఇంత చిన్నది:

```
#!/bin/sh
nginx -t && systemctl reload nginx
```

దీన్ని `/etc/letsencrypt/renewal-hooks/deploy/` లో పెట్టి, `certbot renew --dry-run` కొట్టి, సక్సెస్ అని వచ్చిన స్క్రీన్‌షాట్ టికెట్‌కి తగిలించి డన్ చేశారు. చూడ్డానికి నిక్షేపంగా ఉంది, స్క్రీన్‌షాట్ కూడా ఉంది, ఇంకేం కావాలి. కానీ ఉత్తుత్తిగా నడిపే డ్రై రన్‌లో సర్ట్‌బాట్ డిప్లాయ్ హుక్‌లని మామూలుగా నడపనే నడపదు. సర్టిఫికెట్ తేగలనా లేదా అన్నదే అది చూస్తుంది, మన ఇన్సిడెంట్‌లో తేవడం ఎప్పుడూ సమస్య కాదు కదా, తెచ్చింది ఎన్జిన్ఎక్స్‌కి చేరకపోవడమే సమస్య. అంటే ఆ స్క్రీన్‌షాట్ ఇన్సిడెంట్ జరిగిన రోజు తీసినా సక్సెస్ అనే వచ్చేది. ఏ సాక్ష్యాన్నైనా నేను ఈ ప్రశ్నతోనే కొలుస్తాను: ఇన్సిడెంట్ ముందు రోజు ఇదే చెక్ చేసుంటే ఫెయిల్ అని వచ్చేదా? రాదంటే ఆ చెక్ పనికిరాదు, ఎంత పచ్చగా వెలిగినా సరే.

పర్లాకిమిడి మేడమ్ రెండో మనిషిగా చూసినప్పుడు హుక్‌లు కూడా నడిచేలా కొట్టింది, కొత్త సర్ట్‌బాట్‌లో ఆ ఆప్షన్ ఉంది:

```
certbot renew --dry-run --run-deploy-hooks
```

కొడితే అవుట్‌పుట్‌లో హుక్ ఊసే లేదు. ఎర్రర్ కూడా లేదు. ఫైలుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వలేదు, ఆ ఫోల్డర్‌లో ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేని ఫైళ్ళని సర్ట్‌బాట్ కిక్కురుమనకుండా వదిలేస్తుంది. `chmod +x` కొట్టి మళ్ళీ నడిపితే హుక్ నడిచినట్టు కనబడింది. రివ్యూలో ముగ్గురు చూసిన ఫైలు అది, కోడ్ తప్పేం లేదు, తప్పు ఉన్నది కోడ్‌లో కనబడని చోట.

ఆ తర్వాత బయటనుంచి చూసే చెక్ ఇది, సర్వర్ మీద కాదు, ఇంట్లో ఉన్న లాప్‌టాప్ నుంచి, ఫోన్ హాట్‌స్పాట్ మీద:

```
openssl s_client -connect api.example.com:443 \
  -servername api.example.com </dev/null 2>/dev/null \
  | openssl x509 -noout -enddate -serial
```

షాపువాడి ఫోన్‌కి ఏ సర్టిఫికెట్ వెళ్తోందో అదే దీనికీ వస్తుంది. రెన్యూవల్‌కి ముందోసారి, తర్వాతోసారి కొట్టి రెండు సీరియల్ నంబర్లు టికెట్‌లో పెడితే, నంబర్ మారిందంటే పని అయినట్టు, మారకపోతే కానట్టు, ఇంక వాదన లేదు. 30వ రోజు దాకా ఆగలేం అంటే `--force-renewal` తో నిజం రెన్యూవల్ ఓసారి చేయించొచ్చు, కానీ అచ్చం అవే డొమైన్ పేర్లకి ఏడు రోజుల్లో ఐదు సర్టిఫికెట్లే ఇస్తారు, పరీక్ష పేరుతో అవి అవగొట్టేస్తే నిజంగా అవసరమైనప్పుడు ఇబ్బంది.

అలర్ట్ టికెట్‌కి రెండో రకం కూడా చాలదు. అలర్ట్ రూల్ ఉందా అని చూస్తే ఉంటుంది, పాతది కూడా ఉందిగా, వెళ్ళిపోయినాయన మెయిల్‌కి నమ్మకంగా పంపుతూనే ఉంది. ఇక్కడ మూడో రకమే కావాలి. సులువైన దారి ఏంటంటే గడువు అయిపోయిన సర్టిఫికెట్‌తో కావాలనే నడిపే `expired.badssl.com` అనే సైట్ ఒకటి ఉంది, మీ చెక్ లిస్టులో దాన్ని కాసేపు చేర్చండి, డ్యూటీలో ఉన్నవాడి ఫోన్ మోగాలి. మెయిల్ వచ్చింది అంటే చాలదు, మోగాలి, అతను నొక్కి "చూశా" అనాలి, ఆ టైమ్ టికెట్‌లో రాయాలి. మాకు మొదటిసారి మోగలేదు, చెక్ రెడ్ అయ్యింది కానీ నోటిఫికేషన్ గ్రూపులో కొత్త నంబర్ చేర్చి సేవ్ కొట్టలేదు.

ఎన్ని రోజులు మిగిలితే అలర్ట్ రావాలి అనేదాంట్లో కూడా ఆలోచన ఉంది. 30 అని పెడితే ప్రతి రెన్యూవల్ ముందూ ఊరికే మోగి జనం మ్యూట్ చేసేస్తారు. 20 పెడితే, మామూలుగా నడుస్తున్నప్పుడు అంత కిందికి ఎప్పుడూ రాదు, వచ్చిందంటే రెన్యూవలో రీలోడో ఫెయిలైనట్టే, సరిచెయ్యడానికి 20 రోజుల టైమ్ కూడా ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు గుర్తుచేస్తూ పంపే మెయిల్స్ 2025 జూన్‌లో ఆపేశారు, కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకున్నవాళ్ళకి ఈ చెక్ తప్పనిసరి. పైగా సర్టిఫికెట్ల ఆయుష్షు అందరికీ తగ్గుతూ వస్తోంది, సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళు, బ్రౌజర్లవాళ్ళు కలిసి నడిపే సీఏ బ్రౌజర్ ఫోరమ్ పెట్టిన రూలు ప్రకారం 2026 మార్చి 15 నుంచి గరిష్ఠం 200 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. 47 రోజుల దానికి మూడో వంతు అంటే పదిహేను చిల్లర, అప్పుడు 20 రోజుల అలర్ట్ ప్రతిసారీ మోగుతుంది, కాబట్టి ఈ నంబర్‌ని మార్చాలని ఇప్పుడే టికెట్‌లో ఓ ముక్క రాసి పెట్టుకోవడం మంచిది.

మరి అన్ని టికెట్లకీ మూడో రకమే చెయ్యాలా అంటే, ఐదుగురి టీమ్‌తో అవ్వదు. నేను చూసేది ఒకటే, ఈ పని ఫెయిలైతే దానంతటదే అరుస్తుందా, నిశ్శబ్దంగా ఉంటుందా అని. రన్‌బుక్, డాక్యుమెంట్, స్క్రీన్ మీద బటన్ మార్పు ఇలాంటివి చెడిపోతే వాడే మనిషికి వెంటనే తెలుస్తుంది, వాటికి మెర్జ్ అయితే మూసెయ్యండి. హుక్‌లు, టైమర్లు, క్రాన్ జాబులు, అంటే ఎప్పుడో ఒకసారి నడిచేవి, వాటికి రెండో మనిషి బయటనుంచి చూడాల్సిందే. అలర్ట్, బ్యాకప్, ఫెయిలోవర్, అంటే ఆపదలో మాత్రమే పనిచేయాల్సినవి, వాటికి ఆపద తెప్పించి చూడ్డం తప్ప దారి లేదు, బ్యాకప్ అయితే వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి ఓ నిన్నటి బిల్లు తెరిచి చూడాలి.

ఏ రకం చెక్ అనేది టికెట్ వేసే రోజే అందులో రాసెయ్యండి, కమాండ్‌తో సహా, ఎవరు చూస్తారో పేరుతో సహా. పని అయిపోయాక రాద్దాం అనుకుంటే, చేసినవాడు తను ఏం చేశాడో దానికి సరిపోయే చెక్కే రాస్తాడు, పాపం కావాలని కాదు. జిరాలో డన్‌కి ముందు "వెరిఫై" అని ఓ స్టేటస్ పెట్టి, అక్కడినుంచి డన్‌కి జరపడం ఓనర్ చెయ్యకూడదు అని నియమం పెట్టుకుంటే సరిపోతుంది, అడ్మిన్‌లో కండిషన్ పెట్టి లాక్ కూడా చేయొచ్చు కానీ ఐదుగురికి మాట చాలు. వెరిఫైలో ఫెయిలైతే కొత్త టికెట్ వెయ్యకండి, అదే టికెట్‌ని వెనక్కి పంపండి, పాత డ్యూ డేట్ అలాగే ఉండాలి.

మా హుక్ టికెట్ చేతి పరీక్ష పాసయ్యాక కూడా వెరిఫైలోనే ఉంచాం, 30వ రోజు సర్ట్‌బాట్ దానంతటదే రెన్యూ చేశాక సీరియల్ మారిందని మేడమ్ చూసి అప్పుడు డన్ కొట్టింది. అలర్ట్ టికెట్ రెండో ప్రయత్నంలో మోగింది, మూసేశాం. రన్‌బుక్ మాత్రం ఇంకా ఓపెన్‌గానే ఉంది, డేటు రెండుసార్లు జరిగింది, ఈ సోమవారం మళ్ళీ ఫిల్టర్‌లో వస్తే రాస్తారో, "చెయ్యం" అని మూసేస్తారో గుణుపూర్ అబ్బాయే చెప్పాలి.